ఓబులమ్మ దగ్గర పుస్తకం, గిడ్డమ్మ దగ్గర దస్తావేజు

గిడ్డమ్మ గురించి చెప్పే ముందు నా నోటి దురుసు గురించి చెప్పుకోవాలి. ఆమెను నేను తిట్టినన్ని తిట్లు మా మండలంలో ఇంకెవరినీ తిట్టలేదు. అందులో సగం తిట్లు వెనక్కి తీసుకోవాల్సినవని ఆలస్యంగా తెలిసింది.

నా పేరు రమణి. తహసీల్దారు కచేరీకి ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడి వసారాలో బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. నా వెనక నన్ను తిక్క రమణమ్మ అంటారని నాకు తెలుసు. అనరా మరి? పొద్దున లేచింది మొదలు నా బల్ల ముందుకు వచ్చేవాళ్లంతా పని చెడిపోయాక వచ్చేవాళ్లే. చెడకముందు వస్తే రూపాయి ఖర్చుతో పోయేదానికి, చెడ్డాక వచ్చి నా మొహంలోకి చూస్తూ నిలబడతారు.

గిడ్డమ్మ మొదటిసారి నా దగ్గరికి వచ్చింది వితంతు పింఛను కోసం. పదకొండేళ్ల కిందటి మాట. ఆమె భర్త శేషన్న అప్పుడే పోయాడు. పొట్టి మనిషి, నల్లగా, బిగువుగా ఉంటుంది. కూర్చోమన్నా కూర్చోదు. మూటలోంచి ఆధార్ కార్డూ రేషను కార్డూ తీస్తుంటే వాటితో పాటు ఒక స్టాంపు కాగితాల దస్తావేజు బయట పడింది. నాకు కళ్లు ఊరుకోవు కదా, తీసి చదివాను. 2003లో నారాయణ అనే ఆసామి తన స్వార్జితమైన మూడెకరాల మెట్ట చేనును గిడ్డమ్మ పేరిట అమ్మినట్టు రిజిస్టరు చేసిన క్రయపత్రం. సబ్ రిజిస్ట్రారు ముద్రలు, సాక్షులు, వేలిముద్రలు, ఫొటోలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"చేను నీ పేరు మీద ఉండాదే! పాస్ పుస్తకం యాడ?" అన్నాను.

"పుస్తకం లేదు తల్లీ."

"అంటే, కొన్నాక పేరు మార్పిడి చేయించుకోలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"చూద్దాంలే తల్లీ," అని దస్తావేజు మడిచి మూటలో పెట్టుకుంది.

ఆ రోజు మొదలు నా తిట్లు. పుస్తకం లేదు కాబట్టి బ్యాంకులో పంట రుణం లేదు. వాన ముఖం చాటేసిన ఏడాది సర్కారు ఇచ్చిన నష్టపరిహారం ఊరంతటికీ వచ్చింది, ఆమెకు రాలేదు. కచేరీ లెక్కల్లో ఆ చేను ఇంకా నారాయణదే. అర్జీ పెట్టు, దస్తావేజు నకలు జత చెయ్యి, నోటీసు వేస్తారు, ముప్పై రోజులు చూస్తారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నీ పేరు ఎక్కుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో. కూలి పనికి మండలానికి వచ్చినప్పుడల్లా నన్ను పలకరించి పోయేది, నేను ఆ మాట ఎత్తేదాన్ని, ఆమె చూద్దాంలే అనేది. ఒకసారి కోపం వచ్చి, "నీకు బుర్ర ఉందా లేదా?" అని అందరి ముందూ అరిచాను. నవ్వి ఊరుకుంది.

ఆమె బతుకంతా ఆ మూడెకరాల్లోనే ఉంది. పెళ్లయ్యేనాటికి శేషన్నకు సెంటు భూమి లేదు. ఇద్దరూ ఏటా చలికాలం పోగానే గుంటూరు మిరపకోతకు వలస పోయేవాళ్లు. ఎనిమిదేళ్లు అలా పోయి, కోసిన కాయల కూలి దాచి ఆ చేను కొన్నారు. సంపాదన ఆమెది ఎక్కువని శేషన్న పట్టుబట్టి ఆమె పేరిటే రిజిస్టరు చేయించాడు. రాళ్లు ఏరి గట్టు వేసింది ఆమే. ఒక ఏడు వేరుశనగ, ఒక ఏడు కొర్ర, వాన మొహం చూసి మార్చుకుంటూ వేసేది. చేను ఉన్నా వలస ఆగలేదు. మా పడమటి పల్లెల్లో చేను ఉన్నవాళ్లు కూడా వలస పోతారు, చేను అమ్ముకోకుండా ఉండడానికే పోతారు.

ఇక ఆ నారాయణ. గిడ్డమ్మ ఇంటి పక్క వీధి రైతు. నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయి, ఉన్న చేను అమ్మి, పెళ్లాన్ని పిల్లవాణ్ణి తీసుకుని కర్నూలు పోయాడు. అక్కడ ఒక కాలేజీలో కాపలాదారుగా చేరాడు. చేసిన పాపం లేదు, మోసం లేదు. కానీ అతను ఇంట్లో ఒక మాట దాచాడని నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఇంత కథే లేదు.

ప్రతి ఏటా పంట చేతికి వచ్చాక గిడ్డమ్మ ఒక మూట వేరుశనగ కాయలు కట్టి, కర్నూలు బస్సులో వేసి నారాయణ ఇంటికి పంపేది. శేషన్న ఉన్నప్పుడు అతనే మోసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. పండని ఏడు కొర్రలు పంపేవాళ్లు. అమ్మినవాడికి కొన్నవాడు ఏటా మూట పంపడం ఏ ఊరి ఆచారమో నాకు అంతుపట్టలేదు. అడిగితే, "ఆ చేను వాళ్లకు కూడా అన్నం పెట్టిందే గదా తల్లీ," అంది. మంచి మనసు అనుకున్నాను. మంచి మనసున్నవాళ్ల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది, వాళ్ల కాగితాలే ఎక్కువ చెడిపోయి ఉంటాయి.

నారాయణ 2018లో పోయాడు. మరుసటి ఏడు మార్చిలో ఒక నడివయసు ఆడమనిషి కొడుకుతో కలిసి నా బల్ల దగ్గరికి వచ్చింది. పేరు ఓబులమ్మ. భర్త మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, భర్త పేరున్న పాత పాస్ పుస్తకం తెచ్చింది. వారసత్వంగా చేను తన పేరిటికి మార్చాలని అర్జీ రాయమంది. కొడుకు అరుణ్ కుమార్ పక్కన నిలబడి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాడు. నేను రాశాను. "నా భర్త మరణించేవరకు ఆయన హక్కు అనుభవంలో ఉన్న భూమి" అని నా చేతులారా రాశాను. సర్వే నంబరో నారాయణ పేరో చూసి గుర్తు పట్టాల్సింది. రోజుకు ఇరవై నంబర్లు, ఇరవై పేర్లు రాసే చేతికి ఒకటి గుర్తుంటుందా అని ఇప్పుడు నాకు నేనే సర్ది చెప్పుకుంటాను. ఆ నంబరు మీద జరిగిన అమ్మకాలన్నీ చూపించే ఈసీ కాగితం తీయించి చూడమ్మా అని ఒక్క మాట అన్నా తేలిపోయేది. అనలేదు.

అర్జీ మీద వీఆర్వో విచారణ జరిగింది. నోటీసు చావిడి గోడకు అంటించారు. ఆ నెల గిడ్డమ్మ గుంటూరు మిరపచేలల్లో ఉంది. గడువులో అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు. రికార్డులో నారాయణ పేరు కొట్టేసి ఓబులమ్మ పేరు ఎక్కించారు. ఆమెకు కొత్త పుస్తకం వచ్చింది.

ఇది ఎవరికీ తెలియకుండా నాలుగేళ్లు గడిచింది. నిరుడు దీపావళి ముందు అరుణ్ కుమార్ కారులో ఇద్దరు మనుషులను తీసుకుని చేనుకు వచ్చాడు. గిడ్డమ్మ కాయలు పీకుతోంది. వచ్చినవాళ్లు టేపుతో గట్టు కొలిచారు. సోలారు కంపెనీ వాళ్లకు భూములు చూపించే దళారులట.

"అత్తా, ఈ పంట తీసుకో. ఉగాదికి చేను ఖాళీ చెయ్యల్ల. అమ్ముతాండాం," అన్నాడట అరుణ్.

"ఎవరి చేను నాయనా?"

"మాదే. ఇన్నేండ్లు నువ్వు కౌలుకు చేస్తాండేది మా చేనే గదా. ఇదో, మాయమ్మ పేరు మీద పుస్తకం."

గిడ్డమ్మకు చదువు రాదు. కానీ పుస్తకం మీద అతికించిన ఓబులమ్మ ఫొటో చూసింది. మరునాడు తెల్లవారేసరికి నా బల్ల ముందు కూలబడింది. కూర్చోమన్నా కూర్చోని మనిషి నేల మీద కూర్చుంది.

"పుస్తకం వాళ్లకు వచ్చేసింది తల్లీ. నా చేను పోయినట్టేనా?"

ఆమెను చూసి మొదటిసారి నాకు కోపం రాలేదు. భయం వేసింది. కచేరీలోకి పోయి భూమి ఎవరి పేరిట ఉందో చెప్పే 1బి రికార్డు చూశాను, ఓబులమ్మ పేరే. మార్పిడి ఫైలు నకలు తీయించాను. అందులో మొదటి కాగితం నా చేతి రాత. వసారాలోకి వచ్చి దాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాను. తిక్క రమణమ్మ తన అర్జీ తానే చదువుకుంటోందని జిరాక్సు అబ్బాయి ఎవరికీ చెప్పకపోతే అది నా అదృష్టం.

తర్వాత గిడ్డమ్మకు నేను చెప్పింది ఇదే. ఇన్నేళ్లలో వందమందికి చెప్పాను కానీ, ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చెప్పలేదు.

"అక్కా, విను. పుస్తకం అంటే చేను కాదు. కచేరీ వాళ్లు శిస్తుకూ లెక్కకూ ఈ చేను ఎవరి పేరు మీద ఉండాదని రాసి పెట్టుకునే పేరు అది. నారాయణన్న నీకు రిజిస్టరు చేసిచ్చిన దినమే చేను నీదైపోయింది. ఆయప్ప పోయేనాటికి ఆయప్పకు ఈ చేనులో ఏమీ లేదు. ఆయప్పకు లేనిది ఓబులమ్మకు వారసత్వంగా యాడ నుంచి వస్తుంది?"

"అయితే ఆ పుస్తకం చెల్లదా?"

"చెల్లదని ఇప్పుడే అనలేను. పుస్తకంలో పేరు ఉంటే, తప్పని రుజువయ్యేదాకా అది నిజమే అనుకుంటారు. అది చూపించి అరుణ్ ఎవరికైనా అమ్మితే, కొన్నవాడికి హక్కు రాదు. కానీ నువ్వు ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగల్ల. అందుకే ముందు ఆ పేరు తీయించల్ల."

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ తీయించాను. 2003 అమ్మకం అందులో స్పష్టంగా ఉంది, నారాయణ అమ్మినట్టు, గిడ్డమ్మ కొన్నట్టు. ఆ తర్వాత ఒక్క లావాదేవీ లేదు. ఈసీ కాగితం చేతిలోకి రాగానే నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఎక్కించిన పేరును తహసీల్దారు తానే మళ్లీ తీసేయడు. ఆ ఉత్తర్వు మీద ఆర్డీవో దగ్గర అప్పీలు వేయాలి. గడువు దాటి నాలుగేళ్లయింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ పెట్టాలి. నేను రాసేదాన్నే కానీ వాదించేదాన్ని కాదు. అందుకని లాయరు దావీదురాజు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కాగితాలన్నీ చూసి తల ఊపాడు.

"దస్తావేజు గట్టిదే. కానీ ఒక మాట చెప్తా విను. ఆర్డీవో సారు చేను ఎవరిదని తేల్చడు. పుస్తకంలో పేరు సరిగా ఎక్కిందా లేదా అని చూస్తాడు, అంతే. వాళ్లు వచ్చి, ఈ దస్తావేజు దొంగది, సంతకం మా ఆయనది కాదు అన్నారనుకో. హక్కు సంగతి సివిల్ కోర్టులో తేల్చుకోండి, డిక్రీ తెచ్చుకుంటే అప్పుడు పేరు మారుస్తాం అంటాడు. కోర్టులో గెలుస్తావు, అనుమానం లేదు. ఎన్నేళ్లకు గెలుస్తావో నేను చెప్పలేను."

గిడ్డమ్మకు అరవై దాటాయి. ఎన్నేళ్లకు అనే మాట వినగానే ఆమె ముఖం వాడిపోయింది.

"ఇంకొకటి," అన్నాడాయన. "ఏటా మూట పంపేదానివంట. అది కౌలే అని వాళ్లు వాదిస్తారు. ఎందుకు పంపినావో గట్టిగా చెప్పల్ల."

"ఊరికే పంపినా సారూ."

"ఇరవై ఏండ్లు ఊరికే ఎవరు పంపుతారమ్మా?"

ఆమె మూట చంకన పెట్టుకుని లేచింది. బయటికి వచ్చాక నేనూ అడిగాను, బతిమాలాను, అరిచాను. "కారణం ఏదో ఉండాది. చెప్పకపోతే నీ చేయి నువ్వే నరుక్కున్నట్టు," అన్నాను. ఆమె నా వైపు చూసి, "అది నాది కాదు తల్లీ, చెప్పేకి," అంది. అర్థం కాలేదు. ఆ రోజు బస్సులో ఆమె పక్కన కూర్చోలేదు, వేరే సీటులో కూర్చున్నాను. అంత కోపం.

విచారణ రోజు ఆర్డీవో కచేరీ వరండాలో ఓబులమ్మను మళ్లీ చూశాను. నన్ను గుర్తు పట్టి, "నువ్వే గదా రాసిచ్చింది. ఇప్పుడు వాళ్ల వైపు వచ్చినావే," అంది. నేను సంచిలో కాగితాలు సర్దుకుంటూ పక్కకు తిరిగాను. ఆమె మనిషి చెడ్డది కాదు. కర్నూలులో రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఊర్లో మూడెకరాలు ఉన్నాయి అనే ధీమాతో ఇరవై ఏళ్లు బతికింది. ఇరుగుపొరుగుకు ఆ వేరుశనగ కాయలను మా చేను బుడ్డలు అని పంచిపెట్టేదట. ఏటా మూట రాగానే కౌలు వచ్చింది అనుకునేదట. ఆమెకు చేను అమ్మిన సంగతి మొగుడు చెప్పలేదు. ఆ సంగతి నాకూ లాయరుకూ తెలియదు, ఆమె మాటల వల్ల అప్పుడే తెలుస్తోంది. నా పక్కన గిడ్డమ్మ మాత్రం తల దించుకుని నేల చూస్తోంది.

లోపలికి పిలిచారు. ఆర్డీవో నెమ్మదస్తుడు. దావీదురాజు దస్తావేజు, ఈసీ ముందు పెట్టి విషయం చెప్పాడు. ఆర్డీవో గిడ్డమ్మ వైపు తిరిగాడు.

"కొని ఇరవై ఏళ్లయింది. పేరు మార్చమని ఒక్క అర్జీ కూడా ఎందుకు పెట్టలేదమ్మా?"

"పెట్టలేదు సారూ."

"అదే, ఎందుకని?"

"నా తప్పే సారూ."

అరుణ్ కుమార్ లేచాడు. "సార్, అది కౌలు కాబట్టి పెట్టలేదు. ఏటా కౌలు కాయలు పంపింది. కావాలంటే అడగండి."

"పంపావా అమ్మా?"

"పంపినా."

"కౌలుకా?"

"కాదు సారూ."

"మరి ఎందుకు?"

గిడ్డమ్మ ఓబులమ్మ వైపు ఒకసారి చూసింది. "ఊరికే," అంది. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఒక్క మాట చెప్తే చేను నిలుస్తుంది, చెప్పదు. దావీదురాజు కూడా నిస్సహాయంగా కాగితాలు సర్దుకున్నాడు.

ఆర్డీవో అరుణ్‌తో అన్నాడు: "దస్తావేజు రిజిస్టరైంది. ఇది మీ నాన్న రాయించినది కాదని మీ వాదనైతే అది ఇక్కడ తేలదు. సివిల్ కోర్టుకు పోవాల్సి ఉంటుంది. మీ వాదన ఏంటి?"

"సంతకం మా నాయనది కాదు సార్," అన్నాడు అరుణ్. గబగబా అన్నాడు, దళారులు నేర్పి ఉంటారు. తర్వాత తల్లి భుజం తట్టి, "చెప్పు మా, నాయనది కాదని చెప్పు," అన్నాడు.

అసలు దస్తావేజు ఓబులమ్మ చేతికి ఇచ్చారు. ఆమెకు చదువు అంతంతమాత్రమే. సంతకం మీద వేలు పెట్టి చూసింది. పేజీ తిప్పింది. చివర ఫొటోలు అతికించిన కాగితం దగ్గర ఆగిపోయింది. గిడ్డమ్మ ఫొటో పక్కన నారాయణ ఫొటో. గుండు చేయించుకుని ఉన్నాడు, నెత్తి ఇంకా నున్నగా ఉంది. కింద తేదీ.

ఆమె ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"మంత్రాలయం పోయొస్తానని పోయినాడు ఆ పొద్దు," అంది, ఎవరికీ చెప్పనట్టు. "తలనీలాలు ఇచ్చి, ప్రసాదం తెచ్చినాడు. బోరు ఎండిపోయిన బాధకు మొక్కుకున్నాడు అనుకుంటి. ఇది ఆ దినమే."

"మా, ఏం మాట్లాడతాండావు?" అన్నాడు అరుణ్.

"నువ్వుండు నాయనా." ఆమె కొడుకు వైపు చూడలేదు. ఆర్డీవో వైపు చూసింది. "సంతకం మా ఆయనదే సారూ. ఆయప్ప 'ణ' రాసేటప్పుడు కింద తోక ఈడ్చేవాడు. నాకు తెలుసు."

"అంటే ఆయన అమ్మినట్టు ఒప్పుకుంటున్నారా?"

"అమ్మినాడు సారూ. నాకు చెప్పలేదు. చెప్పకపోతే అమ్మనట్టు కాదు గదా."

ఆర్డీవో ఆ మాటలు రాయించి ఆమెతో సంతకం పెట్టించాడు. వారసత్వ మార్పిడిని రద్దు చేస్తున్నట్టు, క్రయపత్రం ప్రకారం గిడ్డమ్మ పేరు ఎక్కించమని తహసీల్దారుకు ఆదేశం ఇస్తున్నట్టు చెప్పాడు. ఉత్తర్వు తర్వాత పోస్టులో వస్తుందన్నాడు. అరుణ్ కుమార్ తల్లిని వదిలేసి బయటికి పోయాడు. కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

వరండాలో బల్ల మీద ఓబులమ్మ ఒక్కతే కూర్చుంది. పాస్ పుస్తకం ఒళ్లో ఉంది. నేను నీళ్ల బాటిలు ఇచ్చాను. తీసుకోలేదు. నాకు నోరు తెరిచి క్షమాపణ చెప్పడం రాదు. "నేనే రాసినానమ్మా ఆ అర్జీ, అడిగి ఉండాల్సింది," అని మాత్రం అన్నాను. ఆమె నా మాట వినలేదు. ఆమె గిడ్డమ్మనే చూస్తోంది.

"గిడ్డమ్మా, ఇట్లా రా."

గిడ్డమ్మ పోయి ఆమె ముందు నిలబడింది.

"ఇన్నేండ్లు పుస్తకం నీ పేరు మీదికి ఎందుకు మార్చుకోలేదు? ఇప్పుడు చెప్పు. సారు లేడు."

గిడ్డమ్మ వరండా ఆ చివరి దాకా ఒకసారి చూసింది. తర్వాత, ఇంక దాచేదానికి ఏమీ మిగల్లేదని తెలిసినట్టు, మెల్లగా చెప్పింది.

"మార్చేకి అర్జీ ఇస్తే నోటీసు వేస్తారంట గదక్కా. మీ ఇంటికి కాగితం వస్తాది, చావిడికి అంటిస్తారు. నీకు తెలిసిపోతాది. మీ ఆయన మా శేషన్న చేతులు పట్టుకున్నాడు. ఓబులికి తెలియకూడదు, చేను పోయిందంటే బతకదు, పుస్తకం నా పేరు మీదనే ఉండనీండి, ఏటా ఒక మూట పంపండి, కౌలు అని చెప్పుకుంటా అన్నాడు. మేము సరే అంటిమి. ఆయప్ప పోయినాడు, మా ఆయన పోయినాడు. మాట ఇంకా ఉండాది గదా."

నేను గోడకు ఆనుకున్నాను. పదకొండేళ్లు నేను ఈమెను అడిగినది ఇదే. బుర్ర ఉందా అని అందరి ముందూ అరిచింది దీని గురించే. ఈ రోజు లోపల చెప్పేసి ఉంటే, మొగుడు అన్నేళ్లు అబద్ధమాడింది తన కోసమేనని ఓబులమ్మకు అందరి ముందూ తెలిసిపోయేది. అందుకే చేనును పణంగా పెట్టి నోరు మూసుకుంది. నాకు సిగ్గేసింది, సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది. దాన్ని మాత్రం ఆపుకున్నాను.

ఓబులమ్మ ఒళ్లోని పుస్తకం తెరిచి చూసింది. మూసింది. పుస్తకాన్ని గిడ్డమ్మ చేతిలో పెట్టలేదు, గిడ్డమ్మకు అది పనికిరాదని తనకూ అర్థమైంది. బల్ల మీద పక్కన పెట్టింది.

"బోర్లు పోయినప్పుడు నేనే అంటి," అంది. "చేను పోయిననాడు నేనూ పోతా అంటి. కోపంలో అంటి. రెండు దినాలకు మరిచిపోయినా."

గిడ్డమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"పదహైదేండ్లు నా పక్కన ఉండి, ఏటా ఆ మూట వచ్చినప్పుడంతా కౌలు వచ్చిందే అని నవ్వుకుంటా చెప్పేవాడు. నేను ఒక మాట అన్నానని, దానికి భయపడి." ఓబులమ్మ ఆమె వైపు తిరిగింది. "గిడ్డమ్మా, ఆ మనిషి అన్నేండ్లు నిద్రపోయింటాడంటావా?"

గిడ్డమ్మ ఆమె చేయి పట్టుకుంది.